‘ఇంత’ అంటే ఎంత? చూపు లేనివారి కోసం వీడియో సారాంశం రాయడం ఎలా

నెల్లూరులో మా మేనత్త వంటల వీడియోలు చేస్తుంది. తీసేది, కత్తిరించేది, వీడియో కింద నాలుగు మాటలు రాసేది నేను. పోయినేడు చేపల పులుసు వీడియో కింద నేను రాసింది ఇది:

“నెల్లూరు స్టైల్ చేపల పులుసు! అత్తయ్య మట్టికుండలో చేసిన ఘుమఘుమలాడే పులుసు చూస్తే నోరూరాల్సిందే. తప్పకుండా ట్రై చేయండి.”

మా బాబాయి కావలిలో ఉంటాడు. గ్లాకోమాతో చూపు పోయి పన్నెండేళ్లు. ఆయన ఫోన్ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది, వీడియోలన్నీ అలాగే వెతుక్కుని వింటాడు. పులుసు వీడియో విని నాకు ఫోన్ చేశాడు.

“ఏంది అబ్బయ్యా, మీ అత్త ‘చింతపండు ఇంత తీసుకోండి, ఇలా అయ్యేదాకా ఉంచండి, ఇప్పుడు ఇది వేసేయండి’ అంటా ఉంది. ఎంత? ఎలా? ఏది? కింద నువ్వు రాసింది చదివించుకుంటే నోరూరుద్ది అని ఉంది. అది నాకు తెలుసులే, చింతపండు సంగతి చెప్పు.”

ఆ వీడియోకి సారాంశం మళ్లీ రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడైతే ఎనిమిది నిమిషాల వీడియోకి గంటన్నర చాలు. ఆ పులుసు వీడియోనే ముందు పెట్టుకుని, నేను చేసే పద్ధతి చెప్తాను.

ముందు ఒక తేడా తెలియాలి. వీడియోలో మాటల మధ్య ఖాళీల్లో ఇంకో గొంతు దృశ్యాన్ని వర్ణిస్తూ పోతే దాన్ని ఆడియో వివరణ అంటారు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మీడియాలో ఉండాలన్న వాటిలో ఇదీ ఒకటి. మనం రాసేది అది కాదు. వీడియోతో పాటు పెట్టే పాఠం ఇది. వినేవాళ్లు వీడియోకి ముందు గానీ, వీడియో బదులు గానీ దీన్ని ఫోన్ చేత చదివించుకుంటారు. మా అత్త ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది, మధ్యలో ఇంకో గొంతు దూర్చడానికి సందే లేదు. అలాంటి వీడియోలకు పాఠమే దారి.

మొదటి పని: తెర బోర్లించి వినడం

ఫోన్ తెర కిందికి పెట్టి, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని వీడియో మొత్తం వినండి. ఎక్కడ దారి తప్పుతుందో అక్కడ సమయం వేసుకోండి. వీడియో తీసింది మీరే అయితే ఇక్కడ ఒక చిక్కుంది. దృశ్యం మీ తలలో ఉంటుంది కాబట్టి ‘ఇంత’ అని వినగానే చింతపండు ఉండ కళ్ల ముందుకు వచ్చేస్తుంది, మీకు లోటే తెలియదు. అందుకని నేను అర్థం కోసం వినను, మాటల కోసం వింటాను. ఇంత, ఇలా, ఇది, ఇక్కడ, ఈ రంగు, ఇదిగో. వేలు చూపించే మాట ఎక్కడ వినిపిస్తే అక్కడ గీత. పులుసు వీడియో 7 నిమిషాల 40 సెకన్లు. అందులో అలాంటి మాటలు 14 దొరికాయి.

మాట లేకుండా చప్పుడు మాత్రమే ఉన్న చోట్లు కూడా రాసుకోండి. ఆవాలు చిటపటలాడితే ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని మళ్లీ రాయక్కర్లేదు. కానీ 5:55 దగ్గర రెండుసార్లు ‘టక్, టక్’మని వస్తుంది. బాబాయి కుండ పగిలిందేమో అనుకున్నాడట. కుండ అడుగు పొయ్యి అంచుకు తగిలిన చప్పుడు అది. ఏమిటో తెలియని చప్పుడు ఉంటే, దానికి కారణం సారాంశంలో ఉండాలి.

రెండో పని: గొంతు ఆపి చూడటం

ఇప్పుడు శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. మాటల్లో లేనిది, కంటికి మాత్రమే తెలిసేది ఏముందో వెతకాలి. వంట వీడియోల్లో ఎక్కువగా జారిపోయేది తెర మీద వేసే అక్షరాలు. అత్త ‘ఇంత’ అన్నప్పుడల్లా నేను ఎడిటింగ్‌లో ‘60 గ్రా.’ అనో ‘12 ని.’ అనో పసుపు రంగు అక్షరాలు వేశాను, అక్కడితో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. చదివి వినిపించే యాప్ వీడియోలోని బొమ్మ మీద ఉన్న అక్షరాలను దానంతట అది చదవదు. దానికి అది కూడా బొమ్మే.

రెండోది, మాట లేకుండా జరిగిపోయే పని. పులుసు వీడియోలో అసలు కీలకం ఇక్కడే ఉంది. 5:50 నుంచి అర నిమిషం పాట మాత్రమే వస్తుంది. ఆ అర నిమిషంలో అత్త గరిటె ముట్టుకోదు. పాత చీర గుడ్డను రెండు మడతలు వేసి, కుండను రెండు పక్కలా పట్టుకుని కదుపుతుంది. చేప ముక్కలు పడ్డాక గరిటె పెడితే విరిగిపోతాయి. నెల్లూరులో ఇది అందరికీ తెలుసు కాబట్టి అత్తకు చెప్పాలని కూడా తోచలేదు. వీడియో విని చేసుకునేవాడు గరిటెతో కలిపేస్తాడు, ముక్కలు పులుసులో కలిసిపోతాయి, ఎందుకో అతనికి ఎప్పటికీ తెలియదు.

మూడోది, కాలం గెంతడం. చివర్లో కుండ దించడం అయిపోయి, వెంటనే అన్నంలో వడ్డించడం వస్తుంది. చూసేవాళ్లకు కిటికీలో ఎండను బట్టి మరుసటి రోజు అని తెలుస్తుంది. వినేవాళ్లకు అప్పటికప్పుడే తిన్నట్టు ఉంటుంది. రాత్రి చేసి పొద్దున తినే కూర అది. ఆ ఒక్క రాత్రి జారిపోతే సగం రుచి పోయినట్టే.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఈ రెండు పనులూ అయ్యాక నా కాగితం మీద నలభై దాకా సంగతులు పోగయ్యాయి. అన్నీ రాస్తే సారాంశం వీడియో కంటే పెద్దదవుతుంది. నేను ప్రతి సంగతినీ ఒకే ప్రశ్న అడుగుతాను: ఇది తీసేస్తే వినేవాళ్లు పని చేసుకోలేకపోతారా, లేక కథ తప్పుగా అర్థం చేసుకుంటారా? రెండూ కాకపోతే కొట్టేస్తాను. వంటగది పచ్చరంగు టైల్స్ పోయాయి. అత్త కట్టుకున్న చీర పోయింది (అత్తకు కోపమొచ్చింది, అది వేరే సంగతి). కుండ మట్టిది, మూతి వెడల్పుది అనేది ఉంది, ఎందుకంటే సన్న మూతి కుండలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

రంగుల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. చూపు లేనివారికి రంగులెందుకని తీసేస్తారు. బాబాయికి యాభై ఏళ్లు వచ్చేదాకా చూపు ఉంది, గోధుమ రంగంటే ఆయనకు బాగా తెలుసు. పుట్టుకతోనే చూపు లేనివారు కూడా పక్కన చూపున్న వాళ్లను ‘గోధుమ రంగుకు తిరిగిందా?’ అని అడిగి వండుకోవచ్చు. రంగు ఉంచండి. వీడియోలోనే దానికి తోడుగా ఇంకో గుర్తు ఉంటే, అంటే టమాటా మెత్తబడటమో, ఇన్ని నిమిషాలు అనడమో ఉంటే, అదీ కలపండి.

వీడియోలో లేనిది మాత్రం ఊహించి రాయకూడదు. ‘మూడు చెంచాల కారం’ అని అత్త అంటుంది. ఏ చెంచా అని నాకు అనుమానం వచ్చింది. నాకు టీ చెంచాలా కనిపించింది, అడిగితే టేబుల్ స్పూన్ అంది. నా కంటిని నమ్మి రాసి ఉంటే పులుసు చప్పగా తగలడేది. ఇలా అడిగి తెలుసుకున్నది ఏదైనా ఉంటే, అది వీడియోలో లేదని అక్కడే రాయాలి.

రాయడం: చెవికి తగిన వాక్యం

మొదటి రెండు మూడు వాక్యాల్లో ఇది ఏ వీడియో, ఎంతసేపు, ఎవరు మాట్లాడతారు, ఎక్కడ మాటలు ఉండవు అనేవి చెప్పేయండి. పాట వచ్చినప్పుడు ఫోన్ ఆగిపోయిందేమో అన్న టెన్షన్ వాళ్లకు ఉండదు. ఆ తర్వాత వీడియో నడిచిన వరుసలోనే, జరుగుతున్నట్టుగా రాయండి: ‘వేసింది’ కాదు, ‘వేస్తుంది’.

తెలుగులో మనకు ఒక అలవాటుంది. ‘నూనె పోసి, ఆవాలు వేసి, చిటపటలాడాక ఉల్లిపాయలు వేసి, వేగాక టమాటా వేసి, మంట తగ్గించి కారం చల్లుతుంది.’ కంటితో చదివితే బాగానే ఉంటుంది, కావాలంటే కన్ను వెనక్కి పోతుంది. చెవి వెనక్కి పోలేదు. వాక్యం చివరికొచ్చే సరికి మంట తగ్గించింది టమాటాకి ముందా తర్వాతా అన్నది చెదిరిపోతుంది. అందుకని వాక్యానికి ఒక పని, మహా అయితే రెండు. చదవడానికి కాస్త కుదుపుగా ఉంటుంది, ఉండనీయండి.

ఇంకో అలవాటు కర్తను వదిలేయడం. వీడియోలో ఒకరే ఉంటే ఫర్వాలేదు. అత్తా, చేపలమ్మే ఆమే ఇద్దరూ ఉన్న చోట ‘మొప్ప తెరుస్తుంది’ అంటే ఎవరు తెరిచారు? అలాంటప్పుడు ప్రతిసారీ పేరు చెప్పడమే మేలు. ‘అందంగా, నోరూరేలా, చక్కగా’ లాంటివి తీసేయండి. అవి మీ అభిప్రాయాలు. మొప్ప లోపల ఎర్రగా ఉందని రాస్తే, చేప తాజాగా ఉందని వినేవాళ్లే తేల్చుకుంటారు.

నేను చివరికి రాసిన సారాంశం ఇది:

> ఇది 7 నిమిషాల 40 సెకన్ల వంట వీడియో. నెల్లూరు పద్ధతిలో వంజరం చేపల పులుసు మట్టికుండలో చేయడం చూపిస్తుంది. మాట్లాడేది అత్తయ్య ఒక్కరే. మొదటి 40 సెకన్లలోనూ, ఐదు నిమిషాల 50 సెకన్ల దగ్గర అర నిమిషం పాటూ మాటలు లేవు, సంగీతం వస్తుంది.
>
> తెల్లవారుతున్న వేళ మైపాడు తీరం. ఇసుక మీదికి లాగిన పడవల పక్కన ఆడవాళ్లు గంపల్లో చేపలు పెట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య ఒక వంజరం చేపను ఎత్తి మొప్ప తెరుస్తుంది. మొప్ప లోపల ఎర్రగా ఉంది. ఆ చేపను కొంటుంది.
>
> వంటగది. అత్తయ్య చింతపండు ఉండను నీళ్లలో వేస్తుంది. ఉండ రెండు నిమ్మకాయలంత ఉంది. తెర మీద 60 గ్రాములు అని రాసి ఉంది. చేప ముక్కలు కిలో, ఒక్కోటి బొటనవేలంత మందం. వాటికి ఉప్పు, పసుపు రాసి కడుగుతుంది.
>
> వెడల్పు మూతి ఉన్న మట్టికుండలో నూనె పోస్తుంది. నూనె కాగాక ఆవాలు, మెంతులు, కరివేపాకు వేస్తుంది. తర్వాత ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. ఉల్లిపాయల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడు టమాటా ముక్కలు వేస్తుంది. అవి మెత్తబడ్డాక మంట తగ్గిస్తుంది. మూడు చెంచాల కారం, ఉప్పు వేస్తుంది. చెంచా అంటే టేబుల్ స్పూన్, ఈ మాట వీడియోలో లేదు.
>
> చింతపండు పులుసు పోస్తుంది. పులుసు మరిగి పైకి నూనె తేలుతుంది. తెర మీద 12 నిమిషాలు అని వస్తుంది. చేప ముక్కలను ఒక్కొక్కటిగా పులుసులోకి జారవిడుస్తుంది. పైన పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తుంది. ఇక్కడి నుంచి గరిటె వాడదు. మందపాటి గుడ్డతో కుండను రెండు పక్కలా పట్టుకుని తిప్పుతుంది. కుండ అడుగు పొయ్యికి తగిలి రెండుసార్లు చప్పుడవుతుంది.
>
> చివర్లో మెంతులు, ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి ఒక చెంచా చల్లుతుంది. కుండ దించి మూత పెడుతుంది. తర్వాతి దృశ్యం మరునాటి ఉదయం. అత్తయ్య అదే పులుసు అన్నంలో వడ్డిస్తుంది.

టైపు చేసేటప్పుడు

వాక్యాలు బాగున్నా, టైపు చేసిన తీరు వల్ల చెడిపోవచ్చు. ‘chepala pulusu ela cheyali’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే ఫోన్ దాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదువుతుంది, ముక్క అర్థం కాదు. ‘గ్రా.’, ‘టీ స్పూ.’ లాంటి పొట్టి మాటలు పూర్తిగా రాయండి. ‘2-3’ అని గీత పెట్టకుండా ‘రెండు మూడు’ అనండి, కొన్ని గొంతులు ఆ గీతను మైనస్ అంటాయి, కొన్ని మింగేస్తాయి. మంట బొమ్మలు, నవ్వు బొమ్మలు వరసగా ఐదు పెడితే ఐదింటి పేర్లూ చదువుతుంది. నేను అందం కోసం వేసిన చుక్కల గీత బాబాయి ఫోన్‌లో ‘చుక్క చుక్క చుక్క’ అంటూ నడిచిందట.

యూట్యూబ్‌లో వివరణ పెట్టెకు 5000 అక్షరాల హద్దు ఉంది. మన కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాన్ని అది అలా లెక్కపెట్టదు, గుణింతాన్నీ ఒత్తునీ విడివిడిగా లెక్కిస్తుంది. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. పైన ఇచ్చినంత సారాంశం బాగానే పడుతుంది, అరగంట వీడియోకి మాత్రం చూసుకోవాలి. పెట్టె తెరవకముందు పైన ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి కాబట్టి, ‘చూపు లేనివారి కోసం పూర్తి వివరణ కింద ఉంది’ అన్న వాక్యాన్ని మొట్టమొదట పెట్టండి. సబ్‌స్క్రైబ్ చేయండి అనేది చివరికి పోనీయండి.

సారాంశం కింద సమయాలు ఇస్తే, వినేవాళ్లు కావాల్సిన చోటికి నేరుగా పోవచ్చు. మొదటి వరుస 0:00 తోనే మొదలవ్వాలి, కనీసం మూడు వరుసలు ఉండాలి, ఒక్కో భాగం కనీసం 10 సెకన్లు ఉండాలి. లేకపోతే యూట్యూబ్ వీడియోను భాగాలుగా విడదీయదు.

```
0:00 మైపాడు తీరంలో చేప కొనడం
0:42 చింతపండు, చేప ముక్కలు
2:10 పోపు, ఉల్లిపాయలు
4:05 పులుసు మరిగించడం
5:20 చేప ముక్కలు, మామిడికాయ
6:40 పొడి చల్లి దించడం
```

వాట్సాప్‌లో పంపేటప్పుడు సారాంశాన్ని మెసేజ్‌గానే పంపండి. అక్షరాలను అందంగా పోస్టర్ చేసి పంపితే మళ్లీ బొమ్మే అవుతుంది.

పరీక్ష

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి పోతే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంటుంది. ఆన్ చేసే ముందే ఆపే దారి నేర్చుకోండి. ఆన్ చేశాక ఒకసారి తాకితే ఆ చోటు పేరు చదువుతుందంతే, తెరవాలంటే రెండుసార్లు వెంటవెంటనే తట్టాలి. నేను ఆ సంగతి తెలియక పావుగంట చిక్కుకుపోయాను. వాల్యూమ్ మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే ఆగేలా అదే పేజీలో షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. తెలుగు గొంతు లేకపోతే టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో దించుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో అయితే అదే పని చేసే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. మీరు రాసింది మొత్తం చదివించుకుని వినండి. ఊపిరాడని వాక్యం ఏదో చెవికి వెంటనే దొరుకుతుంది.

ఆ తర్వాత నిజంగా చూపు లేనివారికి పంపండి. ‘బాగుందా?’ అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. వీడియో గురించి ప్రశ్నలు అడగండి. నేను బాబాయిని నాలుగు అడిగాను: చింతపండు ఎంత, మామిడికాయ ఎప్పుడు పడింది, టక్ టక్ మన్నది ఏంటి, ముక్కలు వేశాక ఎలా కలిపింది. మొదటి మూడూ తడుముకోకుండా చెప్పాడు. నాలుగోదానికి ఆయనే నన్ను ఎదురు ప్రశ్న వేశాడు.

“తిప్పుద్ది అని రాశావే, ఏ పక్కకి తిప్పుద్ది? తిరగలిలాగానా? నిండు కుండ అట్టా తిరిగితే పులుసు తొణకదూ?”

మళ్లీ వీడియో పెట్టి చూశాను. నిజమే, అత్త కుండను గుండ్రంగా తిప్పడం లేదు. కుండను పొయ్యి మీదే ఉంచి, ముందుకూ వెనక్కూ చిన్నగా ఊపుతోంది, ముక్కలు వాటంతట అవే పులుసులో సర్దుకుంటున్నాయి. చూసినవాళ్లెవరికీ ఆ మాట తేడా పట్టదు. ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: ‘మందపాటి గుడ్డతో కుండను రెండు పక్కలా పట్టుకుని, పొయ్యి మీదే ముందుకూ వెనక్కూ మెల్లగా కుదుపుతుంది.’